పెట్టుబడులు చూసే వ్యక్తికి ఇచ్చిన అధికారాన్ని వెనక్కు తీసుకోవాలి: ముందు ఉత్తరం ఇవ్వాలా, ముందు లెక్కలు తెప్పించుకోవాలా?

ఓరుగల్లు_మాస్టారు | జనవరి 11, ఉదయం

సభ్యులందరికీ నమస్కారం. నేను హనుమకొండలో ఉంటాను. 2018లో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల నుంచి పదవీ విరమణ చేశాను. అప్పుడు చేతికొచ్చిన డబ్బులో 14 లక్షలు మా కాలనీలోనే ఉండే ఒక పరిచయస్తుని ద్వారా ఐదు మ్యూచువల్ ఫండ్ పథకాలలో పెట్టాను. నాకు ఈమెయిల్ లేదు కాబట్టి దరఖాస్తులలో ఈమెయిల్, ఫోన్ నంబరు ఆయనవే రాసుకున్నారు. మాటిమాటికీ సంతకాల కోసం తిరగనవసరం లేకుండా ఐదారు ఖాళీ ఫారాల మీద కూడా నాతో సంతకాలు పెట్టించుకున్నారు.

మూడేళ్లుగా కంపెనీ పంపే అసలు స్టేట్‌మెంట్ ఇవ్వమని అడుగుతున్నాను. ప్రతి ఉగాదికి ఆయన తానే టైపు చేసిన ఒక కాగితాన్ని ఫోటో తీసి పంపుతారు. దాని మీద ఏ కంపెనీ పేరూ ఉండదు. కిందటి ఉగాది కాగితంలో మొత్తం 22,60,000 అని ఉంది. ఆయన మోసగాడని నేను అనడం లేదు. వారి అమ్మాయి నా దగ్గరే చదువుకుంది. కానీ నా డబ్బు లెక్క నాకు తెలియకుండా ఉండడం ఇక నా వల్ల కాదు. ఈ రోజు నుంచి మీకు ఏ అధికారమూ లేదు, లెక్కలన్నీ పదిహేను రోజుల్లో అప్పగించండి అని ఒక ఉత్తరం రాసి పెట్టుకున్నాను. రేపు ఇవ్వవచ్చునా?

సింగరేణి_విశ్రాంత | జనవరి 11, మధ్యాహ్నం

మాస్టారు గారూ, ఇవ్వండి, ఆలోచించవద్దు. ఫండ్ కంపెనీకి కూడా ఒక లేఖ రాసి మీ ఫోలియోల నుంచి, అంటే ఫండ్ ఖాతాల నుంచి, మధ్యవర్తిగా ఆయన నమోదు సంఖ్య అయిన ఏఆర్ఎన్ కోడ్ తీసివేయమనండి. దానికి ఆయన నుంచి నిరభ్యంతర పత్రం తేవలసిన పని లేదు, సెబీ 2009లోనే ఆ నిబంధన ఎత్తివేసింది. కోడ్ పోయిన రోజు నుంచి మీ పెట్టుబడి దానంతట అదే మధ్యవర్తి లేని డైరెక్ట్ పథకంగా మారిపోతుంది, కమీషన్ మిగులుతుంది. గోదావరిఖనిలో మా మిత్రులు ముగ్గురు ఇలాగే చేశారు.

కాజీపేట_లక్ష్మి | జనవరి 11, సాయంత్రం

మా పరిస్థితి కూడా ఇదే సార్. మా వారి రెండు బీమా పాలసీల బాండ్లు ఏజెంటు దగ్గరే ఉన్నాయి. ప్రీమియం డబ్బు ఆమె ఇంటికి వచ్చి తీసుకువెళ్లేది, కానీ ఒక పాలసీకి రెండు వాయిదాలు కట్టనేలేదని మొన్న తెలిసింది. మేము కూడా ఈ ఏఆర్ఎన్ తీసివేయమని రాస్తే ఆమెను మార్చవచ్చునా?

పాత_రిజిస్ట్రార్ | జనవరి 11, రాత్రి

మాస్టారు గారూ, దయచేసి రేపు ఆ ఉత్తరం ఇవ్వవద్దు. నేను కరీంనగర్‌లో ఒక మ్యూచువల్ ఫండ్ రిజిస్ట్రార్ కౌంటరులో పదిహేనేళ్లు పని చేశాను. ఇటువంటి ఉత్తరం ముందు వెళ్లిపోయి, వివరాలు తరువాత మార్చుకోవడానికి వచ్చినవారు ఎంత ఇబ్బంది పడ్డారో చూశాను.

మీ అసలు స్టేట్‌మెంట్ ఆయన దగ్గర పుట్టదు. పథకం ఏ కంపెనీదైనా యూనిట్ల ఖాతాను రాసేది రిజిస్ట్రార్ సంస్థ. మన దేశంలో చాలా ఫండ్లకు ఆ పని కామ్స్ గాని, హైదరాబాదు కేంద్రంగా ఉన్న కేఫిన్‌టెక్ గాని చేస్తాయి. మధ్యవర్తికి అక్కడ ఉన్నది ఒక కోడ్ మాత్రమే. మీ పాన్ మీద అన్ని కంపెనీల పెట్టుబడులూ ఒకే చోట చూపే ఏకీకృత స్టేట్‌మెంటును ఆ సంస్థల వెబ్‌సైట్లలో ఎవరి అనుమతీ లేకుండా మీరే అడగవచ్చు. మీకున్న చిక్కు వేరు. ఆ స్టేట్‌మెంట్ ఫోలియోలో నమోదైన ఈమెయిల్‌కే వెళుతుంది, అది ఆయనది. ఈ రోజు మీరు అడిగితే మీ లెక్క ఆయన పెట్టెలోనే పడుతుంది. లావాదేవీకి వచ్చే ఓటీపీ కూడా ఆయన ఫోనుకే వెళుతుంది.

కాబట్టి మొదటి పని మీ పేరున ఒక ఈమెయిల్ తెరవడం. రెండవది ప్రతి ఫోలియోలో ఫోన్, ఈమెయిల్ మార్చమని కాగితం ఫారం ఇవ్వడం. ఆన్‌లైన్‌లో మార్చుకునే వీలు ఉన్నా, పాత నంబరు మీ చేతిలో లేదు కాబట్టి కాగితమే మీకు దారి. హనుమకొండలో కామ్స్ సేవా కేంద్రం ఉంది, వరంగల్‌లో కేఫిన్‌టెక్ కేంద్రం ఉంది. వెళ్లే ముందు చిరునామా వారి వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. ఆ నంబరు మీదా, కుటుంబ సభ్యులదా అని ఫారంలో ఒక గడి ఉంటుంది, దానిని వదిలిపెట్టవద్దు. ఫారం ఇచ్చాక కౌంటరులో తేదీ, సమయం పడే ముద్ర వేసిన రసీదు ముక్క తీసుకోండి. రేపు వివాదం వస్తే మీకు ఆధారం ఆ ముక్కే. మార్పు నమోదైనట్లు మీ ఫోనుకు సందేశం వచ్చిన తరువాతనే ఉత్తరం సంగతి.

సింగరేణి గారు నిరభ్యంతర పత్రం గురించి చెప్పినది నిజం. కోడ్ తీసివేస్తే డైరెక్ట్ అవుతుందన్నది నిజం కాదు. దాని గురించి తీరికగా రాస్తాను.

జగిత్యాల_వకీలు | జనవరి 12, ఉదయం

మాస్టారు గారిని ఒక ప్రశ్న అడగాలి. మీరు ఎప్పుడైనా స్టాంపు కాగితం మీద అధికార పత్రం, అంటే పవర్ ఆఫ్ అటార్నీ రాసి ఇచ్చారా? డీమ్యాట్ ఖాతా ఏదైనా ఉందా? అధికార పత్రం రిజిస్టరు చేసి ఉంటే దాని రద్దును కూడా సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రిజిస్టరు చేయడమే మంచిది.

చట్టం వైపు నుంచి ఒక ముఖ్యమైన విషయం ఉంది. భారత కాంట్రాక్టు చట్టం 1872లోని 208వ సెక్షను ప్రకారం ఏజెంటు అధికారం రద్దు ఏజెంటు విషయంలో అతనికి తెలిసినప్పటి నుంచి, మూడవ వ్యక్తుల విషయంలో వారికి తెలిసినప్పటి నుంచి అమలులోకి వస్తుంది. మీరు ఆయనకు ఉత్తరం ఇచ్చి ఊరుకుంటే, ఆ సంగతి తెలియని ఫండ్ కంపెనీ మీ పాత సంతకంతో వచ్చిన ఫారాన్ని స్వీకరిస్తే వారిని తప్పు పట్టడం కష్టం. అందుచేత ఆయనకు ఇచ్చే ఉత్తరం ప్రతిని ఫోలియో నంబర్లతో సహా ప్రతి ఫండ్ కంపెనీకి, బ్యాంకుకు పంపి, చేరినట్లు రసీదు దాచుకోవాలి. అదే చట్టంలోని 213వ సెక్షను, అడిగినప్పుడు సరైన లెక్కలు చూపడం ఏజెంటు బాధ్యత అంటుంది. మీ ఉత్తరంలో దానిని పేర్కొనవచ్చు.

పాత_రిజిస్ట్రార్ | జనవరి 12, మధ్యాహ్నం

వకీలు గారి మొదటి మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. రెండవ దాని మీద నాకు సందేహం ఉంది. మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటరు మదుపరికి ఏజెంటా, కమీషన్ ఇచ్చే కంపెనీకి ఏజెంటా? కమీషన్ అక్కడి నుంచి వస్తున్నప్పుడు 213 సెక్షను చూపించి ఆయనను ఎంతవరకు కట్టిపడేయగలరు?

జగిత్యాల_వకీలు | జనవరి 12, సాయంత్రం

న్యాయమైన సందేహం. కేవలం ఫారాలు చేరవేసినవాడైతే మీ వాదన బలంగానే ఉంటుంది. కానీ మదుపరి తరఫున ఖాళీ సంతకాలు తీసుకొని, తన ఫోనులో ఓటీపీలు అందుకొని నడిపించినవాడు ఆ మేరకు మదుపరి ఏజెంటుగానే ప్రవర్తించాడని నా అభిప్రాయం. కోర్టు ఎటు చూస్తుందన్నది సాక్ష్యాన్ని బట్టి ఉంటుంది. నేను ఇక్కడ తీర్పు చెప్పలేను.

ఓరుగల్లు_మాస్టారు | జనవరి 19

అధికార పత్రం ఏదీ ఇవ్వలేదు, డీమ్యాట్ ఖాతా లేదు. ఈమెయిల్ తెరిచి, రెండు కేంద్రాలకూ వెళ్లి వచ్చాను. ఒక చోట నా ఫారం తిరస్కరించారు. 2018 నాటి దరఖాస్తులో నా సంతకం పూర్తి పేరుతో, చివర గీతతో ఉంది. ఇప్పుడు చేయి వణుకుతుంది కాబట్టి పొట్టిగా పెడుతున్నాను. రెండూ కలవలేదని కౌంటరులోని అమ్మాయి తెరమీద పాత సంతకం పక్కన నా కొత్త సంతకం పెట్టి చూపించింది. చూస్తే నాకే అవి ఇద్దరు మనుషుల సంతకాలలా అనిపించాయి.

పాత_రిజిస్ట్రార్ | జనవరి 19

పెద్దవారికి ఇది చాలా మామూలు విషయం మాస్టారూ. ఫోలియోలో నమోదైన మీ బ్యాంకు శాఖకు వెళ్లి, కొత్త సంతకాన్ని మేనేజరు చేత ధృవీకరింపజేయండి. ఆయన పేరు, ఉద్యోగి సంఖ్య, శాఖ ముద్ర ఉండాలి. సంతకం మార్పు ఫారంతో పాటు దానిని జత చేస్తే తీసుకుంటారు. దీనివల్ల మీకు తెలియకుండానే ఇంకొక మేలు జరుగుతుంది. కొత్త సంతకం నమోదైతే మీరు పాత సంతకంతో వదిలేసిన ఖాళీ ఫారాలు ఆ ఫోలియోలో చెల్లడం కష్టమవుతుంది.

ఆ ఖాళీ ఫారాల గురించి మీకు భయం ఉంటుంది కాబట్టి అసలు ప్రమాదం ఎక్కడుందో చెబుతాను. యూనిట్లు అమ్మితే వచ్చే డబ్బు ఫోలియోలో నమోదైన మీ బ్యాంకు ఖాతాకే వెళుతుంది, ఆయన ఖాతాకు వెళ్లదు. బ్యాంకు ఖాతాను మార్చాలంటే వేరే రుజువులు కావాలి. కానీ ఒక పథకం నుంచి ఇంకొక పథకానికి మార్చే స్విచ్ ఫారానికి మీ బ్యాంకుతో పని లేదు, మీ చేతికి రూపాయి రాదు కాబట్టి అది జరిగినట్లు మీకు తెలియను కూడా తెలియదు. స్టేట్‌మెంట్ వచ్చాక మొదట వెతకవలసింది దానినే. అడిగేటప్పుడు సంక్షిప్తం కాకుండా వివరమైనది, మొదటి నుంచి ఇప్పటివరకు అన్న కాలం ఎంచుకోండి.

మంథని_డిస్ట్రిబ్యూటర్ | జనవరి 20

నేను కూడా ఈ వృత్తిలోనే ఉన్నాను, కాబట్టి ఒక మాట చెప్పాలనిపించింది. తన ఫోను నంబరు ఖాతాదారు ఫోలియోలో పెట్టడం తప్పు. దానిని నేను సమర్థించను. కానీ 2018 నాటికి మా వైపు చాలామంది పెద్దవారికి ఈమెయిల్ లేదు, ఓటీపీ వస్తే చదివి చెప్పేవారు ఇంట్లో లేరు. పని సాగాలని అలా చేసినవారందరూ దొంగలు కారు. మాస్టారు గారు పేరు చెప్పకుండా రాసినందుకు కృతజ్ఞుణ్ణి. ఇంకొక సంగతి ఏమిటంటే, మా వంటివారిని సలహాదారులని పిలుస్తారు గాని మేము డిస్ట్రిబ్యూటర్లం. సెబీ దగ్గర నమోదైన సలహాదారుకు ఐఎన్ఏతో మొదలయ్యే నంబరు ఉంటుంది, ఆయన ఫీజు మీ దగ్గర తీసుకుంటాడు. ఆ ఒప్పందాన్ని ముగించడం వేరే విషయం. మీ ఉత్తరంలో సలహా ఒప్పందం రద్దు అని రాస్తే అది అసలు లేని ఒప్పందం అవుతుంది.

ఓరుగల్లు_మాస్టారు | ఫిబ్రవరి 2

సంతకం, ఫోను, ఈమెయిల్ అన్నీ మారాయి. నిన్న స్టేట్‌మెంట్ వచ్చింది. చూసి రాత్రి నిద్ర పట్టలేదు. ఐదు ఉండాల్సిన చోట నాలుగు ఫోలియోలే ఉన్నాయి. మొత్తం 17,85,000. ఆయన కాగితంలో 22,60,000. నాలుగు లక్షల 75 వేలు ఎటు పోయాయి? పోలీసు స్టేషనుకు వెళ్లమని మా అల్లుడు అంటున్నాడు.

పాత_రిజిస్ట్రార్ | ఫిబ్రవరి 2

స్టేషనుకు వెళ్లే ముందు రెండు విషయాలు చూడండి. స్టేట్‌మెంట్ మొదటి ఖాతాదారు పాన్‌ను, మీరిచ్చిన ఈమెయిల్‌ను బట్టి వస్తుంది. ఐదవ ఫోలియోలో మొదటి పేరు మీ శ్రీమతి గారిదై, మీది రెండవ పేరైతే అది మీ పాన్ మీద రాదు. ఆయన కాగితంలో ఆ పథకం పేరు పక్కన ఏమైనా రాసి ఉందా? 2018 నాటి రసీదు ఉంటే వెతకండి.

రెండవది, రూపాయలను రూపాయలతో పోల్చవద్దు. ఆయనది ఉగాది నాటి ధర, మీది నిన్నటి ధర. యూనిట్లను యూనిట్లతో పోల్చండి. యూనిట్లు ఎవరూ ముట్టుకోకపోతే మూడు దశాంశాల వరకు అలాగే ఉంటాయి. ప్రతి పథకం పేరు పక్కన Advisor: ARN- అని ఒక నంబరు కూడా ఉంటుంది. నాలుగింటిలో అదే నంబరు ఉందా, వేరేది ఉందా చూడండి.

ఓరుగల్లు_మాస్టారు | ఫిబ్రవరి 4

మీరు చెప్పినది అక్షరాలా నిజమైంది. ఐదవది నా భార్య పేరు మీద ఉంది. ఆదాయ పన్ను కోసం అలా పెడదామని అప్పట్లో నేనే అన్నానట, ఆమెకు గుర్తుంది, నాకు లేదు. ఆమె ఫోలియోకు కూడా ఈమెయిల్ మార్పు పెట్టాము. కేంద్రంలో చూసి చెప్పినదాని ప్రకారం దాని విలువ 3,90,000. అంటే మొత్తం 21,75,000.

మిగిలిన తేడా 85,000. యూనిట్లు పోల్చి చూస్తే మూడు పథకాలలో సరిగ్గా సరిపోయాయి. నాలుగవది సరిపోలేదు. ఆయన కాగితంలో ఇప్పటికీ ఉన్న ఒక పథకం నా స్టేట్‌మెంటులో సున్నా. 2022 ఆగస్టులో అందులోని యూనిట్లన్నీ Switch Out అని వెళ్లి, వేరే పథకంలో Switch In అని చేరాయి. దాని గురించి ఆయన నాకు చెప్పలేదు. తన కాగితంలోనూ మార్చలేదు. నేను అమ్ముకోమని ఎవరికీ చెప్పలేదు.

పాత_రిజిస్ట్రార్ | ఫిబ్రవరి 4

ఇప్పుడు మీ ఉత్తరానికి సమయం వచ్చింది. దానితో పాటు ఆ ఫండ్ కంపెనీకి వేరే లేఖ రాయండి. ఫోలియో సంఖ్య, తేదీ చూపి ఆ స్విచ్ అభ్యర్థన కాగితం ప్రతి ఇవ్వమనండి. ఆన్‌లైన్‌లో జరిగి ఉంటే ఓటీపీ ఏ నంబరుకు వెళ్లిందో, ఏ కోడ్ ద్వారా వచ్చిందో ఆ వివరం అడగండి. కంపెనీ సరైన జవాబు ఇవ్వకపోతే సెబీ వారి స్కోర్స్ వేదికలో ఫిర్యాదు నమోదు చేయవచ్చు, అక్కడ సంస్థకు 21 రోజుల గడువు ఉంటుంది.

ఇంకొకటి. స్విచ్ అంటే పన్ను లెక్కలో అమ్మకమే. 2022-23 ఆర్థిక సంవత్సరానికి మూలధన లాభాల స్టేట్‌మెంట్ కూడా రిజిస్ట్రార్ దగ్గరే తెప్పించుకొని, ఆ ఏడాది మీ రిటర్నులో చూపించారో లేదో ఆడిటరును అడగండి.

ఇక సింగరేణి గారికి ఇవ్వాల్సిన జవాబు. కోడ్ తీసివేస్తే పాత మధ్యవర్తికి ఆ ఫోలియోతో సంబంధం పోతుంది. కానీ మీ యూనిట్లు మధ్యవర్తి కమీషన్ కలిసిన రెగ్యులర్ పథకంలోనే ఉంటాయి, దాని ఖర్చులు దానికి ఉంటాయి. డైరెక్ట్ పథకం కావాలంటే యూనిట్లను స్విచ్ చేయాలి, అది మళ్లీ అమ్మకమే. మాస్టారు గారి ఒక ఈక్విటీ పథకాన్నే తీసుకుందాం. కొన్నది 4,00,000, ఇప్పటి విలువ 7,60,000 అనుకోండి. లాభం 3,60,000. ఏడాది దాటిన ఈక్విటీ లాభంలో 1,25,000 వరకు పన్ను లేదు. మిగిలిన 2,35,000 మీద 12.5 శాతం అంటే 29,375. సెస్సు కలిపితే 30,550. రెండు పథకాల ఖర్చులో తేడా ఏడాదికి 0.8 శాతం ఉంటే, డైరెక్ట్‌కు మారినందువల్ల మిగిలేది మొదటి ఏడాది సుమారు 6,000. అందుకని ఒకే రోజున అంతా మార్చవద్దు. కొంత మార్చిలో, కొంత ఏప్రిల్‌లో మారిస్తే రెండు ఆర్థిక సంవత్సరాల మినహాయింపూ వాడుకోవచ్చు. పన్ను ఆదా పథకం ఉంటే ప్రతి వాయిదాకు మూడేళ్లు నిండే వరకు కదల్చలేరు. మధ్యవర్తిని మార్చడానికి, పథకాన్ని మార్చడానికి తొందర ఒకటే కాదు. మొదటిది ఈ వారమే చేయండి, రెండవది నెమ్మదిగా చేయండి.

సింగరేణి_విశ్రాంత | ఫిబ్రవరి 4

నేను పొరబడ్డాను. మా మిత్రుల స్టేట్‌మెంట్లు తెప్పించి చూశాను, ముగ్గురిలో ఇద్దరివి ఇంకా రెగ్యులర్ అనే ఉన్నాయి. అయినా మీ లెక్కలో ఒక మాట. ఆ పన్ను ఎప్పుడో అమ్మినప్పుడు ఎలాగూ కట్టవలసిందే కదా, ఖర్చు తేడా మాత్రం ఏటా పోతూనే ఉంటుంది. పదేళ్లు ఉంచుకునేవారికి త్వరగా మారడమే లాభమని నాకు ఇప్పటికీ అనిపిస్తోంది.

పాత_రిజిస్ట్రార్ | ఫిబ్రవరి 5

పదేళ్లు ఉంచుకునేవారికి మీ మాట కొట్టిపారేయలేనిది. మాస్టారు గారు మూడేళ్లలో మనుమరాలి చదువుకు తీయాలనుకుంటే లెక్క వేరుగా ఉంటుంది.

లక్ష్మి గారూ, మీ ప్రశ్న మరుగున పడింది, క్షమించండి. ఏఆర్ఎన్ మ్యూచువల్ ఫండ్లకు మాత్రమే, బీమాకు వర్తించదు. బాండు మీ వారి ఆస్తి, దానిని ఏజెంటు అట్టిపెట్టుకోవడానికి వీలు లేదు. ఇవ్వకపోతే పాలసీ నంబర్లతో సేవా శాఖకు వెళ్లి రాతపూర్వకంగా చెప్పి, నకలు బాండుకు ఏమి కావాలో అడగండి. అదే రోజు పాలసీ స్థితి కాగితం తీసుకొని, ఏ వాయిదాలు చేరలేదో చూసుకోండి. ఆగిన పాలసీ పునరుద్ధరణకు గడువు ఉంటుంది కాబట్టి ఏజెంటుతో తగవు కన్నా అది ముందు. ఇకపై ప్రీమియం శాఖలో గాని, ఆన్‌లైన్‌లో గాని మీరే కట్టండి. సంస్థ నెలలోపు జవాబు ఇవ్వకపోతే హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు, అక్కడ ఫిర్యాదుకు రుసుము లేదు.

కాజీపేట_లక్ష్మి | ఫిబ్రవరి 6

రసీదులు వెతికాను సార్. చేరని రెండు వాయిదాలకు ఆమె ఇచ్చినది సంస్థ రసీదు కాదు, చిన్న పుస్తకంలో ఆమె చేతిరాత. దానినే తీసుకొని సోమవారం శాఖకు వెళుతున్నాము.

ఓరుగల్లు_మాస్టారు | ఫిబ్రవరి 16

ఉత్తరం రిజిస్టరు పోస్టులో పంపాను, ప్రతులు ఫండ్ కంపెనీలకు ఇచ్చి ముద్రలు వేయించుకున్నాను. మొదటి చిత్తులో ఉన్న కోపపు మాటలు తీసివేశాను. మిగిలినది ఇది, ఎవరికైనా పనికి వస్తుందేమో:

“ఈ క్రింది ఐదు ఫోలియోలలో నా తరఫున గాని, నా భార్య తరఫున గాని ఏ లావాదేవీ చేయడానికీ మీకు ఇచ్చిన అనుమతిని ఈ తేదీ నుంచి ఉపసంహరించుకుంటున్నాము. మా సంతకాలతో మీ వద్ద ఉన్న ఖాళీ ఫారాలను, 2018 నుంచి మాకు సంబంధించిన రసీదులను, లావాదేవీల కాగితాలను పదిహేను రోజులలో రసీదు తీసుకొని అప్పగించవలసినది. ఈ తేదీ తరువాత ఆ ఫారాలలో దేనిని వాడినా అది మా అనుమతి లేనిదిగా భావించవలసినదని ఫండ్ కంపెనీలకు తెలియజేశాము.”

మా ఆవిడ కూడా సంతకం చేసింది. ఆయన నిన్న సాయంత్రం ఇంటికి వచ్చి నాలుగు ఖాళీ ఫారాలు తిరిగి ఇచ్చారు. నేను ఐదో ఆరో అనుకుంటున్నాను, ఆయన నాలుగే అంటున్నారు. ఆ నాలుగింటినీ ఆయన ముందే అడ్డంగా గీతలు కొట్టి, తేదీ వేసి ఫైలులో పెట్టాను. 2022 స్విచ్ గురించి అడిగితే, ఫోనులో చెప్పానని, మీరు సరేనన్నారని ఆయన అంటున్నారు. నాకు అటువంటి సంభాషణ గుర్తు లేదు, కానీ ఐదవ ఫోలియో సంగతి కూడా నాకు గుర్తు లేదు కాబట్టి ఆ మాట గట్టిగా అనలేకపోయాను. కంపెనీ నుంచి అభ్యర్థన కాగితం ప్రతి ఇంకా రాలేదు. వచ్చాక అందులో ఉన్నది నా సంతకమో, ఓటీపీయో ఇక్కడ రాస్తాను.